ఐసు పెట్టెలో వచ్చేదంతా సొర కాదు: ఫొటోలో ఏది చూడాలి, ఏది అమ్మకూడదు

ప్రశ్న: మాది హనుమకొండ. మా బావ చేపల దుకాణం నడుపుతారు. కాకినాడ నుంచి ఐసు పెట్టెల్లో సొర అని వచ్చే సరుకు అంతా ఒకేలా ఉండట్లేదు. నాలుగు ఫొటోలు పెడుతున్నాను: వీపు మీద తెల్ల చుక్కలున్న పెద్ద చేప, విడిగా కోసిన ఒక రెక్క, తలా రెక్కలూ తీసేసిన మొండెం, తోలు తీసిన ముక్కలు. వీటిలో నిషేధించిన రకం ఉందా? ఫొటో చూసి ఎలా గుర్తుపట్టాలి?

సమాధానం:

మొదటి ఫొటోలోని చేపను అమ్మకానికి పెట్టవద్దని మీ బావ గారికి వెంటనే చెప్పండి. అది సొర కాదు. బల్లపరుపుగా ఉండే టేకు చేపల వైపు బంధువైన వెడ్జ్‌ఫిష్ అది, వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కఠినమైన రక్షణ ఉన్న జాబితా అయిన మొదటి షెడ్యూలుకు సంబంధించిన చేప. మిగిలిన మూడింటిలో రెక్క సుత్తితల సొరది. మొండెం మామూలు సొరదే. ముక్కల సంగతి ఫొటోతో తేలదు. ఈ నిర్ణయాలకు ఎలా వచ్చానో ఒక్కొక్కటిగా రాస్తాను. రేపు ఇంకో పెట్టె వచ్చినప్పుడు మీరే చూసుకోగలగడం ముఖ్యం కదా.

మన ప్రాంతంలో చేప అంటే కొర్రమీను, రవ్వ, బొచ్చె. చెరువు చేపను తల చూసి, పొలుసు చూసి గుర్తుపట్టే అలవాటు మనది. సముద్రం నుంచి వరంగల్ దాకా వచ్చే సొరకు కంటికి కనిపించే పొలుసులు ఉండవు, తల చాలాసార్లు కాకినాడలోనో విశాఖలోనో ఉండిపోతుంది. అందువల్ల రంగు, పరిమాణం, పెట్టె మీద రాసిన పేరు, ఈ మూడింటినీ పక్కన పెట్టి, రెక్కలు శరీరం మీద ఎక్కడెక్కడ ఉన్నాయో చూడటం అలవాటు చేసుకోవాలి. రంగు ఐసులో వెలిసిపోతుంది. పరిమాణం వయసును బట్టి మారుతుంది. పేరు వ్యాపారి సౌకర్యాన్ని బట్టి మారుతుంది. రెక్కల స్థానం మాత్రం చేప చచ్చినా మారదు, రెక్కలు కోసేసినా కోసిన గాటు అక్కడే ఉంటుంది.

ముందుగా మొదటి ఫొటో. వెడ్జ్‌ఫిష్‌ను సొర అని పొరబడటానికి కారణం దాని వెనక సగం. వీపు మీద నిటారుగా రెండు పెద్ద రెక్కలు, బలమైన తోక, గుండ్రటి కండగల శరీరం, ఇవన్నీ సొరవే అనిపిస్తాయి. ముందు సగానికి వస్తే కథ మారుతుంది. ముట్టె త్రికోణంగా మొనదేలి, పైనుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. ఛాతీ రెక్కలు శరీరం పక్కనుంచి విడిగా పొడుచుకు రాకుండా తల అంచుకే అతుక్కుని ఉంటాయి. చేపను వెల్లకిలా తిప్పితే నోరూ, దాని వెనక రెండు వైపులా అయిదేసి మొప్ప చీలికలూ కింది భాగంలోనే కనిపిస్తాయి. సొర చేపకు మొప్ప చీలికలు మెడ పక్కల ఉంటాయి, టేకు జాతికి కింద ఉంటాయి. అన్ని గుర్తుల్లోకీ నమ్మదగింది ఇదే. మీ ఫొటో పైనుంచి తీసింది కాబట్టి ఈ ఒక్కటీ కనిపించలేదు, ఛాతీ రెక్కలు తలకు కలిసిపోయిన తీరు మాత్రం స్పష్టంగా ఉంది.

టేకు వర్గమని తేలాక దానిలో ఏదన్నది రెండో ప్రశ్న. ఇదే ఆకారంలో ఉండే గిటార్‌ఫిష్‌లు బంగాళాఖాతంలో బాగానే దొరుకుతాయి. వాటికీ వెడ్జ్‌ఫిష్‌కూ తేడాను రెండు చోట్ల చూడాలి. వెడ్జ్‌ఫిష్‌కు మొదటి వీపు రెక్క పొట్ట రెక్కలకు దాదాపు సరిగ్గా పైన మొదలవుతుంది. గిటార్‌ఫిష్‌కు ఆ రెక్క పొట్ట రెక్కలను దాటి చాలా వెనక, తోక భాగం మీద ఉంటుంది. రెండోది తోక రెక్క. వెడ్జ్‌ఫిష్ తోకకు పైభాగంతో పాటు కింది భాగం కూడా కొనదేలి విడిగా కనిపిస్తుంది, మొత్తం తోక నెలవంక వంపులో ఉంటుంది. గిటార్‌ఫిష్ తోకకు అలా విడివడిన కింది భాగం ఉండదు, అంచు వాలుగా పోతుంది. మీ ఫొటోలో రెక్క పొట్ట రెక్కల మీదే మొదలైంది, తోక రెండుగా చీలి ఉంది. ఇక సందేహం అక్కర్లేదు.

ఫొటోను పెద్దది చేసి చూస్తే భుజం దగ్గర, ఛాతీ రెక్క మొదట్లో, నల్లటి మచ్చ ఒకటి ఉంది. దాని పక్కన మూడు తెల్ల చుక్కలు ఒకే వరసలో ఉన్నాయి. రింకోబేటస్ ఆస్ట్రేలియే అనే జాతికి ఈ అమరిక ఉంటుంది. నల్లమచ్చ చుట్టూ చుక్కలు గుంపుగా ఉంటే రింకోబేటస్ లేవిస్‌ను అనుమానించాలి. ముసలి చేపల్లో, చాలాసేపు ఐసులో ఉన్నవాటిలో ఈ చుక్కలు మాసిపోతాయి కాబట్టి చుక్కలు లేవన్న కారణంతో వెడ్జ్‌ఫిష్ కాదని అనుకోకూడదు. రెక్క స్థానం, తోక ఆకారం చెప్పినదానికి చుక్కలు తోడు సాక్ష్యం మాత్రమే.

ఇక్కడ చట్టంలో ఒక మెలిక ఉంది, దాన్ని కొంత వివరంగా చెప్పాలి. 2001లో కేంద్ర ప్రభుత్వం సొర, టేకు జాతులన్నిటినీ ఒక్కసారిగా మొదటి షెడ్యూలులో చేర్చింది. మత్స్యకారుల నుంచి తీవ్రమైన వ్యతిరేకత రావడంతో అదే ఏడాది చివర ఆ జాబితాను పది జాతులకు కుదించింది. తిమింగల సొర, పాండిచ్చేరి సొర, గంగా సొర, దాని దగ్గరి చుట్టమైన ఈటెపంటి సొర, మూడు రకాల రంపపు చేపలు, ముళ్ల టేకు, గంగా టేకు, వీటితో పాటు రింకోబేటస్ జిడ్డెన్సిస్ అనే వెడ్జ్‌ఫిష్ అందులో ఉన్నాయి. తరువాత జరిగిన పరిశోధనల్లో ఆ జిడ్డెన్సిస్ అనే జాతి హిందూ మహాసముద్రపు పశ్చిమ భాగానికే, అంటే ఆఫ్రికా, ఎర్రసముద్రం వైపుకే పరిమితమని, మన తీరంలో ఆ పేరుతో చెలామణి అయినవి ఎక్కువగా ఆస్ట్రేలియే, లేవిస్ జాతులని తేలింది. జాబితాలో పేరు ఒకటి, వలలో పడే చేప మరొకటి అన్నమాట. దీన్ని సాకుగా చూపి "మాది జిడ్డెన్సిస్ కాదు" అని వాదించే వ్యాపారులు తీరంలో ఉన్నారు. ఆ వాదన మీద దుకాణం నడపడం తెలివైన పని కాదు. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంలో షెడ్యూళ్లు మొత్తం తిరగరాశారు, సముద్ర జీవుల జాబితా పెరిగింది. తెల్ల చుక్కల వెడ్జ్‌ఫిష్ ఏ జాతిదైనా సరే, రక్షిత జీవిగానే భావించి పక్కన పెట్టడం ఒక్కటే క్షేమమైన దారి.

మొదటి షెడ్యూలు నేరానికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, ఇరవై అయిదు వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. అదీగాక, రక్షిత జీవి ఒకరి చేతిలో ఉన్నట్టు రుజువైతే అది అక్రమంగా వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత పట్టుబడినవారిదే. "కాకినాడ వాళ్లు పంపారు, నేను పెట్టె తెరిచాను" అనే మాట ఒంటరిగా నిలబడదు. దానికి సరుకు బిల్లు, పార్శిల్ రసీదు, పెట్టె తెరిచినప్పటి తేదీతో ఉన్న ఫొటో తోడు కావాలి. చేపను కోయకుండా, ఐసులో విడిగా ఉంచి, జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయమని నా సలహా. చెత్తకుండీలో పారేస్తే బాధ్యత పోదు, మిమ్మల్ని కాపాడే సాక్ష్యం మాత్రం పోతుంది.

ఇప్పుడు రెక్క. విడిగా కోసిన రెక్కను చూసినప్పుడు అది శరీరంలో ఎక్కడిదో ముందు తేల్చుకోవాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా జాతి పేరు వెతికేవారు ఎక్కువగా దారి తప్పుతారు. వీపు రెక్కకు రెండు వైపులా ఒకే రంగు ఉంటుంది. ఛాతీ రెక్కకు పైవైపు ముదురుగా, కిందివైపు లేతగా ఉంటుంది. తోక కింది భాగానికి కూడా రెండు వైపులా ఒకే రంగు ఉంటుంది కాబట్టి దాన్ని వీపు రెక్కతో పొరబడే ప్రమాదం ఉంది. దానికి విరుగుడు కోసిన అంచును చూడటం. సొర వీపు రెక్క అడుగున మృదులాస్థి దిమ్మలు దగ్గరదగ్గరగా, దాదాపు ఆ చివర నుంచి ఈ చివర దాకా, పలువరస మాదిరిగా కనిపిస్తాయి. తోక కింది భాగపు కోతలో అటువంటి పూర్తి వరుస ఉండదు, పసుపుపచ్చని మెత్తటి గుజ్జు ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే రెక్క ఫొటో ఎవరు పంపినా కోసిన అంచు ఫొటో కూడా అడుగుతాను. మీరు అడగకముందే పంపారు. దిమ్మల వరుస పూర్తిగా ఉంది, రెండు వైపులా ఒకే లేత గోధుమ రంగు ఉంది. కాబట్టి అది వీపు రెక్క.

వెడ్జ్‌ఫిష్ వీపు రెక్క కూడా ఎత్తుగా, సన్నగానే ఉంటుంది కనుక దాన్ని కూడా తోసిపుచ్చాలి. వెడ్జ్‌ఫిష్, గిటార్‌ఫిష్ రెక్కలకు నున్నటి మెరుపు ఉంటుంది, కొన్నిటి మీద తెల్ల చుక్కలు ఉంటాయి. సొర వీపు రెక్కకు వెనక వైపు అడుగున శరీరానికి అంటుకోకుండా వేలాడే చిన్న కొన ఒకటి ఉంటుంది, వీటికి అది కనిపించదు. వీటి కోసిన అంచులో దిమ్మల వరుస కూడా చివరి దాకా సాగదు. మీ రెక్క మెరుపు లేకుండా మాసిన రంగులో ఉంది, వెనక కొన ఉంది, వరుస పూర్తిగా ఉంది. కాబట్టి వెడ్జ్‌ఫిష్ కాదు.

ఆ తర్వాతే కొలత. రెక్క ముందు అంచు శరీరాన్ని తాకే చోటు నుంచి పైకొన దాకా తిన్నగా ఒక గీత ఊహించి కొలవాలి. ఆ గీతకు సరిగ్గా సగం దగ్గర రెక్క వెడల్పును, ముందు అంచు నుంచి వెనక అంచు దాకా, కొలవాలి. మొదటి కొలతను రెండో కొలతతో భాగిస్తే రెండున్నర లేదా అంతకు మించి వస్తే, రెక్క కొన మీద నల్లరంగు లేకపోతే, అది సుత్తితల సొరల కుటుంబానిదని రెక్కల గుర్తింపులో పనిచేసేవారు అంగీకరిస్తారు. రెక్క పక్కన మీరు పెట్టిన స్కేలు ప్రకారం మొదటి కొలత 30 సెంటీమీటర్లు, రెండోది 11. భాగిస్తే సుమారు 2.7 వస్తుంది. అడుగున వెడల్పుగా ఉండి పైకి పోయే కొద్దీ సన్నబడింది కాబట్టి అలల అంచు తలగల సుత్తితల సొరది అయ్యే అవకాశం ఎక్కువ. పెద్ద సుత్తితల సొర రెక్క అడుగు నుంచి కొన దాకా సన్నగానే, కొడవలి వంపుతో లేస్తుంది.

ఈ కొలతకు ఒక హద్దు ఉంది. అది రెక్కలో కాదు, ఫోనులో ఉంది. రెక్కను నేల మీద పరిచి సరిగ్గా పైనుంచి తీస్తేనే లెక్క నిలుస్తుంది. నిలబడి ఏటవాలుగా తీస్తే ఎత్తు కుదించుకుపోతుంది. ముప్ఫై డిగ్రీల వాలులో ఎత్తు సుమారు ఎనిమిదో వంతు తగ్గుతుంది. అప్పుడు మీ రెక్క 2.7కు బదులు 2.4 దగ్గరకు దిగి, సుత్తితల కాదని తప్పు తీర్పు వస్తుంది. స్కేలు పక్కన ఉన్నా ఈ పొరపాటు పోదు, ఎందుకంటే స్కేలును వెడల్పు దిశలో పెడితే ఎత్తు దిశలో జరిగిన కుదింపు దానికి తెలియదు. రెండు స్కేళ్లు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా, పెట్టి రెండింటి గీతలూ ఒకే నిడివిలో కనిపిస్తున్నాయో లేదో చూసుకుంటే మోసం బయటపడుతుంది. ఎండిన రెక్క అయితే ముడుచుకుని అంచులు వంకర తిరుగుతాయి, అప్పుడు కొలతను ఇంకా జాగ్రత్తగా తీసుకోవాలి.

సుత్తితల సొర విషయంలో చాలామంది రెండు వేర్వేరు చట్టాలను కలిపేస్తారు. అలల అంచు, పెద్ద, నున్నటి సుత్తితల సొరలు మూడూ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. అది 2013లో నిర్ణయమై 2014 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. సైటీస్ అనేది దేశాల మధ్య వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం. రెండో అనుబంధంలో ఉందంటే పరవానా లేకుండా సరిహద్దు దాటకూడదని అర్థం, ఊళ్లో కూర వండుకోకూడదని కాదు. 2022లో పనామాలో జరిగిన సైటీస్ సమావేశం మామూలు సొరలు ఎక్కువగా ఉండే కార్కరినిడే కుటుంబాన్ని మొత్తంగా అదే అనుబంధంలో చేర్చింది. బాలింతలకు పాలు పడతాయని తీరంలో పెట్టే పాల సొర కూడా ఆ కుటుంబానిదే. దానర్థం పాల సొర కూర నేరమైపోయిందని కాదు. అది వేరే దేశానికి వెళ్లాలంటే కాగితాలు కావాలన్నంత వరకే. నేరం అయ్యేది ఎక్కడో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లు చెబుతాయి. ఒక చేప పేరు తెలిశాక, ప్రస్తుత షెడ్యూలు పత్రం దగ్గర పెట్టుకుని పేరు పేరునా పోల్చుకోవాలి. పాత జాబితాలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి.

అయితే ఆ రెక్క మీ పెట్టెలోకి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మాత్రం వదిలేది కాదు. సొర రెక్కల ఎగుమతిని 2015 ఫిబ్రవరి నుంచి భారత్ నిషేధించింది. అంతకుముందు 2013లోనే, సముద్రంలో రెక్కలు కోసి శరీరాన్ని పారేయకూడదని, రెక్కలతో సహా చేపను ఒడ్డుకు తేవాలని కేంద్రం విధానం ప్రకటించింది. హనుమకొండలో రెక్కల సూప్ కోసం వచ్చే గిరాకీ ఉండదు. మాంసం కోసం వచ్చే పెట్టెలో విడిగా ఒక పెద్ద రెక్క కనిపించిందంటే ప్యాకింగులో పొరపాటున పడిందో, రైలులోనో లారీలోనో మరో చోటికి పోయే సరుకు కలిసిందో అడిగి తెలుసుకోవాలి. తరచూ వస్తుంటే అటవీ శాఖకు చెప్పడం మంచిది.

మూడో ఫొటోలోని మొండెం గురించి. తల లేదు, రెక్కలు లేవు, ఇక ఏం చూస్తాం అని చాలామంది వదిలేస్తారు. నిజానికి ఇందులో తేలిగ్గా దొరికే ఆధారం ఒకటుంది. మామూలు సొరలకు, సుత్తితల సొరలకు, మలద్వారం వెనక, తోక కింది వైపున, ఒంటి రెక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఇక్కడ అడుగు రెక్క అందాం. వెడ్జ్‌ఫిష్‌కు, గిటార్‌ఫిష్‌కు, రంపపు చేపకు అది ఉండదు. మీ మొండెం మీద మలద్వారానికీ తోకకూ మధ్య, కింది గీత మీద, సుమారు మూడు వేళ్ల పొడవున కోత గాటు ఉంది. దానికి దాదాపు పైన వీపు మీద ఇంకో గాటు, అది రెండో వీపు రెక్కది. మొదటి వీపు రెక్క గాటు పొట్ట రెక్కల కంటే చాలా ముందు ఉంది. ఈ మూడు గాట్లూ కలిపి చూస్తే అది సొరే. రంపపు చేపో వెడ్జ్‌ఫిషో అయితే కిందివైపు ఆ గాటు ఉండదు, మొదటి వీపు రెక్క గాటు పొట్ట రెక్కల గాట్ల పరిసరాల్లో పడుతుంది, పొట్ట వైపు బల్లపరుపుగా ఉంటుంది. లోతు నీళ్లలో బతికే కొన్ని సొరలకు కూడా అడుగు రెక్క ఉండదు కాబట్టి, అది లేనంత మాత్రాన వెడ్జ్‌ఫిష్ అని తీర్పు చెప్పకూడదు. ఉంటే మాత్రం వెడ్జ్‌ఫిష్ కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

అది ఏ సొర అని అడిగితే నేను పేరు చెప్పను. కార్కరినస్ ప్రజాతిలో ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టుండే జాతులు చాలా ఉన్నాయి. వాటిని పళ్ల ఆకారం, ముట్టె పొడవు, వీపు రెక్కల మధ్య చర్మం మీద సన్నటి గట్టు ఉందా లేదా అన్నవాటితో విడదీస్తారు. మీ ఫొటోలో మొదటి రెండూ లేవు, మూడోది వెలుతురు వల్ల కనిపించదు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. చిన్న సొర రెక్కల కొనలు నల్లగా కనిపించగానే "పాండిచ్చేరి సొర దొరికింది" అని పోస్టులు వస్తుంటాయి. ఆ జాతి శాస్త్రవేత్తల కంటపడినట్టు 1979 తర్వాత ధ్రువపడిన నమోదు దాదాపు లేదు. నల్ల కొనలున్న సొరలు మన తీరంలో అనేకం, వాటిలో అధిక భాగం మార్కెట్‌లో రోజూ కనిపించేవే. నల్లకొన ఒక్కటి చూసి చట్టం దాకా వెళ్లకూడదు. అలాగని నల్లకొన చిన్న సొర తలతో సహా దొరికితే, పళ్ల ఫొటో తీసి నిపుణులకు పంపడంలో తప్పు లేదు.

రంపపు చేప, తిమింగల సొర, దెయ్యపు టేకుల గురించి పెద్దగా రాయను, అవి పెట్టెలో పట్టేవి కావు. ముక్కలుగా వస్తే తప్ప మీ దాకా రావు. పాత ఇళ్లలో, కొన్ని దుకాణాల గోడల మీద అలంకారంగా వేలాడే రంపపు చేప ముక్కు గురించి మాత్రం ఒక హెచ్చరిక. దాన్ని అమ్మడం, కొనడం మొదటి షెడ్యూలు నేరమే, ఎంత పాతదైనా సరే. అంగట్లో ఎండు చేపల దగ్గర, ముదురు రంగులో, ఒత్తుగా అల్లినట్టుండే ఎండు పలకలు కనిపిస్తే అవి దెయ్యపు టేకుల మొప్ప పలకలు కావచ్చు. మొబ్యులా ప్రజాతికి చెందిన ఈ టేకులకు తల ముందు రెండు కొమ్ముల మాదిరి మడతలు ఉంటాయి.

చివరిది ముక్కల ఫొటో. తోలు లేదు, ఎముక లేదు, మధ్యలో గుండ్రటి మృదులాస్థి వెన్నుపూస ఉంది. దాన్నిబట్టి ఇది సొర లేదా టేకు వర్గపు చేప అని, వంజరమో ఇంకో ఎముక చేపో కాదని చెప్పగలను. అంతకు మించి ఫొటో నుంచి ఎవరు పేరు చెప్పినా అది ఊహే. దీనికి డీఎన్ఏ పరీక్ష ఒక్కటే దారి. కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉన్న లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణుల నమూనాలను అలా గుర్తించే పనిలో ఉంది. అటువంటి పరీక్ష సాధారణంగా అటవీ శాఖ ద్వారా జరుగుతుంది. నమూనా తీయవలసి వస్తే, అధికారి సమక్షంలో, కడిగిన కొత్త బ్లేడుతో ముక్క లోపలి భాగం నుంచి శనగగింజంత కండ తీసి, గాఢమైన ఇథనాల్‌లో మునిగేలా ఉంచాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ దెబ్బతింటుంది. ఒకే కత్తితో అన్ని ముక్కలూ కోసి ఉంటారు కాబట్టి బయటి పొర పనికిరాదు, పక్క చేప జాడ దానికి అంటుకుని ఉంటుంది. ముక్కలను వెడ్జ్‌ఫిష్ వచ్చిన పెట్టెలోనే పంపారో లేదో మీ ప్రశ్నలో లేదు. అదే పెట్టె అయితే వాటిని కూడా ఆ చేపతో పాటే పక్కన ఉంచండి. వేరే పెట్టె అయితే, బిల్లు మీద ఏమని రాశారో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, దాన్నిబట్టి మిగతాది చెబుతాను.